టీవీ పాడవలేదు, కంపెనీ దాన్ని వదిలేసింది



వచ్చే సర్వసభ్య సమావేశంలో హాలు టీవీ విషయం తీర్మానానికి వస్తోంది. ఉన్న 43 అంగుళాల టీవీ పాతబడింది, దాన్ని తీసేసి 55 అంగుళాలది కొత్తది కొందాం అనేది ఆ తీర్మానం. కొందరు తమ్ముళ్ళు అప్పుడే షాపుకి వెళ్ళి ధర కూడా కనుక్కొని వచ్చారు. మేము ఈ తీర్మానాన్ని వ్యతిరేకిస్తున్నాం. ఎందుకో సమావేశంలో చెప్పడానికి అయిదు నిమిషాలు చాలవు, అందుకే ఇక్కడ రాస్తున్నాం. కాస్త పొడుగైనా ఓపిగ్గా చదవండి.

మేము అంటే ఎవరో కొత్త సభ్యులకి తెలియకపోవచ్చు. 2019 దీపావళికి ఆ టీవీ కొన్నప్పటినుంచి దాని రిమోటు, రసీదులు, సర్వీసు ఫోన్లు అన్నీ చూసుకుంటున్న ముగ్గురం. మాలో ఇద్దరం రైల్వేలో గుమాస్తాలుగా చేసి రిటైరైనవాళ్ళం. రైల్వేలో ఒక సామానుని కండెమ్ చేయాలంటే ఎవరో ఒకరు "పాతబడింది" అంటే సరిపోదు. సర్వే కమిటీ కూర్చుని, ఏ భాగం పోయింది, బాగు చేయడానికి ఎంత అవుతుంది, కొత్తదానికి ఎంత అవుతుంది అని రాతపూర్వకంగా చూడాలి. సంఘం డబ్బు కూడా అలాంటి డబ్బే, పదిమంది ఇచ్చినది. కాబట్టి ఆరేళ్ళు రోజుకి అయిదారు గంటలు నడిచిన ఈ టీవీని బొమ్మ, శబ్దం, రిమోటు, యాప్‌లు, సర్వీసు అని ఒక్కో భాగంగా చూద్దాం.

మొదట బొమ్మ. ఎక్కువమంది చెప్పే ఫిర్యాదు "తెలుగు చానళ్ళు మసగ్గా వస్తున్నాయి, టీవీ కళ్ళు పోయాయి" అని. టీవీ కళ్ళు పోలేదు. మన టీవీ 4కే టీవీ, అంటే తెర మీద నిలువునా 2160 గీతలు ఉన్నాయి. మన కేబుల్ ఆయన ఇచ్చే ప్యాకేజీలో తమిళ చానళ్ళు కొన్ని హెచ్‌డీలో వస్తాయి. తెలుగు చానళ్ళు మాత్రం మామూలు ఎస్‌డీలోనే వస్తాయి, వాటిలో 576 గీతలే ఉంటాయి. పావు వంతుకి కాస్త ఎక్కువున్న గీతల్ని టీవీ తానే సాగదీసి తెర నింపుకోవాలి. చిన్న ఫొటోని పెద్ద ఫ్రేముకి సరిపోయేలా సాగదీస్తే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది. 55 అంగుళాల తెర మీద అదే 576 గీతలు ఇంకా ఎక్కువ సాగుతాయి, కాబట్టి మసక ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. ఏ ఫిర్యాదు తీరాలని పెద్ద టీవీ కొంటామో, ఆ ఫిర్యాదే పెద్దదవుతుంది!

నమ్మకం లేనివాళ్ళు ఒక పరీక్ష చేయండి. కేబుల్ తీసేసి, యూట్యూబ్‌లో 4కేలో తీసిన ఏదైనా ప్రకృతి వీడియో పెట్టండి. చెట్టు ఆకులు, నీటి మీది మెరుపు ఎంత స్పష్టంగా కనిపిస్తాయో చూడండి. అది స్పష్టంగా ఉంటే తెర బాగున్నట్టే. మేము ఆ పరీక్ష చేశాం, తెర నిక్షేపంగా ఉంది. అదీగాక ఈ మధ్య సెట్‌టాప్ బాక్సు మార్చినప్పుడు కేబుల్ కుర్రాడు ఎరుపు, పసుపు, తెలుపు మూడు పిన్నుల పాత వైరు పెట్టి వెళ్ళాడు. ఆ వైరులో హెచ్‌డీ చానల్ కూడా ఎస్‌డీ మాదిరే వస్తుంది. మేము దాన్ని తీసి హెచ్‌డీఎంఐ వైరు పెట్టించాం. ఆ తర్వాత తమిళ హెచ్‌డీ చానళ్ళు శుభ్రంగా వస్తున్నాయి. తెలుగుకి కావలసింది కొత్త టీవీ కాదు, నెలకి కొంచెం ఎక్కువ కట్టి తెలుగు హెచ్‌డీ చానళ్ళు తీసుకోవడం.

నిజంగా ఉన్న లోపం కూడా చెప్పాలి. రాత్రి లైట్లు ఆర్పేసి సినిమా వేస్తే నలుపు నల్లగా ఉండదు, బూడిద రంగులో ఉంటుంది. ఇది వయసుతో వచ్చిన జబ్బు కాదు, పుట్టుకతో వచ్చిందే. మనది ఐపీఎస్ రకం తెర. దీని గుణం ఏమిటంటే గోడ పక్కన కూర్చున్నవాళ్ళకి కూడా రంగులు మారకుండా కనిపిస్తాయి, కానీ నలుపు అంత చిక్కగా రాదు. వీఏ అనే ఇంకో రకం తెరలో నలుపు చిక్కగా ఉంటుంది, కానీ పక్కనుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి. మన హాల్లో కుర్చీలు అటు కిటికీ దాకా, ఇటు తలుపు దాకా వేస్తాం. ఉగాదికి పంచాంగ శ్రవణం చూసినప్పుడు మూల కూర్చున్న పెద్దమ్మలకి కూడా మొహాలు సరిగ్గా కనిపించాయంటే ఈ రకం తెర వల్లే. ఇంట్లో ఎదురుగా కూర్చుని చీకట్లో చూసేవాళ్ళకి వీఏ మంచిది, హాలుకి ఐపీఎస్ మంచిది. కొత్త టీవీ ధర తెచ్చిన తమ్ముళ్ళు ఇది ఏ రకం తెర అని షాపులో అడిగారా? ధర కాగితంలో అయితే ఆ మాట ఎక్కడా లేదు.

రెండోది శబ్దం. ఇక్కడ టీవీ నిజంగానే తక్కువది, మేము దాచం. సన్నంగా ఉండాలనేసి స్పీకర్లని కింది అంచులో, నేల వైపు చూసేలా పెట్టారు. రెండూ కలిపి 20 వాట్లు. చిన్న గదికి చాలు, ముప్పై అడుగుల హాల్లో ఆరు ఫ్యాన్లు తిరుగుతుంటే చాలదు. సౌండ్ పెంచితే పాటలు చెవులు పగలగొడతాయి, మాటలు మాత్రం అర్థం కావు. ఎందుకంటే మాట స్పష్టత ఎక్కువగా పై స్థాయి శబ్దాల్లో ఉంటుంది. నేల వైపు చూసే స్పీకరు నుంచి అవి మన దాకా నేరుగా రావు. మరి కొత్త టీవీ కొంటే తీరుతుందా? ధర కాగితంలో ఉన్న 55 అంగుళాల టీవీకి కూడా 20 వాట్లే, స్పీకర్లు కిందికే.

దీనికి మందు మన హాల్లోనే ఉంది. సభలకి మైకు పెట్టే యాంప్లిఫయరు, గోడకి బిగించిన రెండు కాలమ్ స్పీకర్లు ఉన్నాయి కదా. అవి మనిషి మాట వినిపించడానికే తయారుచేసినవి. టీవీ శబ్దాన్ని వాటిలోకి పంపిస్తే చాలు. మన టీవీకి హెడ్‌ఫోన్ రంధ్రం లేదు, వెనక ఆప్టికల్ అనే చిన్న చదరపు రంధ్రం ఉంది. దానికి ఒక చిన్న కన్వర్టరు డబ్బా, దాన్నుంచి యాంప్లిఫయరుకి వైరు పెట్టాలి. ఏడు వందలకి రెండూ వస్తాయి. ఒక్క విషయం మరిచిపోకూడదు. టీవీ సౌండ్ సెట్టింగుల్లో డిజిటల్ అవుట్‌పుట్‌ని PCM అని పెట్టాలి. అక్కడ Auto అనో Dolby అనో ఉంటే చవక కన్వర్టరుకి ఆ భాష అర్థం కాదు, శబ్దం అసలు రాదు, లేదా బుసబుసమంటుంది. చాలామంది కన్వర్టరు పాడైందని పారేసేది ఇందుకే. ఇంకొకటి, టీవీ సొంత స్పీకర్లని ఆపేయాలి. రెండూ ఒకేసారి మోగితే ఒకటి కాస్త ఆలస్యంగా వచ్చి బావిలోంచి మాట్లాడినట్టు ఉంటుంది.

మూడోది రిమోటు. కంపెనీ ఇచ్చిన రిమోటు మొదటి ఏడాది బాగానే పనిచేసింది. 2020లో లాక్‌డౌన్‌కి హాలు మూసేశాం, బ్యాటరీలు అందులోనే ఉండిపోయాయి. తెరిచేసరికి బ్యాటరీలు కారి, స్ప్రింగుల మీద తెల్లగా పొడి పట్టింది. దూదిని వెనిగర్‌లో ముంచి తుడిస్తే స్ప్రింగులు బాగయ్యాయి, ఇంకో రెండేళ్ళు నడిచింది. ఆ తర్వాత వాల్యూమ్ బటన్ అరిగిపోయింది. ఇప్పుడు వాడుతున్నది బజారులో కొన్న 250 రూపాయల డూప్లికేటు.

"రిమోటులో మాట్లాడితే వినడం లేదు, టీవీ పాడైంది" అని కొందరు అంటున్నారు. ఈ డూప్లికేటు రిమోటుకి మైకు బొమ్మ ఉంది కానీ లోపల మైకు పనిచేసే ఏర్పాటు లేదు. మామూలు బటన్లు కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుగుతో టీవీకి చేరతాయి. మాట మాత్రం బ్లూటూత్ మీద వెళ్ళాలి, దానికి టీవీతో జత కట్టిన అసలు రిమోటు కావాలి. రిమోటు బతికుందో లేదో చూడాలంటే ఫోన్ ముందు కెమెరా తెరిచి, రిమోటు కొనని దానివైపు పెట్టి ఏదైనా బటన్ నొక్కండి. ఫోన్ తెర మీద చిన్న వెలుగు మిణుకుమంటే రిమోటు బాగుంది, సమస్య ఇంకెక్కడో ఉంది. ఇంతకీ అసలు రిమోటు ఉన్నప్పుడు కూడా పాత తెలుగు సినిమా పేరు తెలుగు ఉచ్చారణతో చెబితే అది ఇంగ్లీషు మాటగా విని ఏదో తెచ్చేది. ఆ రిమోటు మీద యాప్‌లకి నాలుగు బటన్లు అచ్చేశారు, వాటిలో రెంటికి మనం ఎప్పుడూ చందా కట్టలేదు. ఒకదాని మీద హాట్‌స్టార్ అని పాత పేరే ఉంది. ఆ కంపెనీ 2025 ఫిబ్రవరిలో జియో సినిమాతో కలిసిపోయి జియోహాట్‌స్టార్ అయింది. బటన్ మీద అచ్చు వేసినవాడికి డబ్బు ముట్టింది, వాడేవాళ్ళకి ఆ బటన్లు మార్చుకునే హక్కు లేదు.

ఇక నాలుగోది, అసలు గొడవ ఇక్కడే ఉంది. యాప్‌లు. పిల్లల శనివారం తెలుగు క్లాసుకి వాడే యాప్ ఒకటి ఈ మధ్య తెరుచుకోవడం మానేసింది. సినిమాల యాప్ ఒకటి "ఈ పరికరానికి సపోర్టు లేదు" అంటోంది. యూట్యూబ్ తెరుచుకోవడానికి నిమిషం పడుతోంది. దీన్ని చూసే అందరూ టీవీ చచ్చిపోయిందని అంటున్నారు.

టీవీలో రెండు వస్తువులు ఉన్నాయని అర్థం చేసుకోవాలి. ఒకటి తెర. రెండోది తెర వెనక ఉన్న ఒక చిన్న కంప్యూటరు. తెర పదేళ్ళు నడవగలదు. కంప్యూటరు మాత్రం టీవీ కొన్న రోజుకే పాత ఫోన్ కంటే బలహీనం. మన టీవీలో సామాను పెట్టుకునే చోటు 8 జీబీ, అందులో సగానికి పైగా దాని సొంత సాఫ్ట్‌వేరే ఆక్రమించింది. యాప్‌లు ప్రతి ఏడూ లావవుతాయి, చోటు పెరగదు. యాప్ తయారుచేసేవాళ్ళు ఒక్కో టీవీ సాఫ్ట్‌వేరు మీద విడిగా పరీక్షించాలి. పాత వెర్షన్ల మీద చూసేవాళ్ళు తగ్గగానే వాళ్ళు వదిలేస్తారు. టీవీ కంపెనీ కొత్త వెర్షన్ పంపితే ఈ బాధ తప్పేది. మన కంపెనీ మూడో ఏడు తర్వాత ఒక్క వెర్షన్ కూడా పంపలేదు.

ఇది మన ఒక్కరి టీవీకి జరిగింది కాదు. 2015 ఏప్రిల్‌లో యూట్యూబ్ తన పాత ఏర్పాటుని ఆపేసినప్పుడు 2012కి ముందువి చాలా స్మార్ట్ టీవీల్లో ఆ యాప్ ఒక్కసారిగా పనిచేయడం మానేసింది. 2019 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ కొన్ని 2010, 2011 మోడళ్ళ శామ్‌సంగ్ టీవీల్లో ఆగిపోయింది. ఆ టీవీల తెరలకి ఏ రోగమూ లేదు. బండి, పట్టాలు అన్నీ బాగుండగా స్టేషన్ మూసేస్తే ప్రయాణికుడు ఏం చేస్తాడు? బండిని తుక్కు కింద అమ్ముతాడా?

పండగ ఆఫర్ల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఆఫర్‌లో ఎక్కువ తగ్గింపు ఇచ్చేది తరచు కిందటి ఏడాది, అంతకు ముందు ఏడాది మోడళ్ళ మీద. సాఫ్ట్‌వేరు సపోర్టు లెక్క మోడల్ ఏడాది నుంచి మొదలవుతుంది, మనం కొన్న రోజునుంచి కాదు. మన టీవీ 2019 దీపావళికి కొన్నాం కానీ వెనక చీటీ మీద తయారైన తేదీ 2018. అంటే ఇంటికి వచ్చేసరికే ఒక ఏడు అయిపోయింది. శామ్‌సంగ్ 2024 మోడళ్ళ నుంచి ఏడేళ్ళు సాఫ్ట్‌వేరు మార్పులు ఇస్తామని ప్రకటించింది. ఎల్‌జీ 2022 మోడళ్ళ నుంచి కొన్నిటికి అయిదేళ్ళలో నాలుగుసార్లు అని చెప్పింది. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి నెట్‌కి తగిలించే ఇంటి సామానుకి భద్రతా అప్‌డేట్లు ఎప్పటిదాకా ఇస్తారో అమ్మేటప్పుడే చెప్పాలని చట్టం ఉంది. మన దగ్గర పెట్టె మీద అంగుళాలు పెద్దక్షరాల్లో ఉంటాయి, కరెంటు నక్షత్రాలు ఉంటాయి, ఎన్నేళ్ళు సపోర్టు ఉంటుందో ఆ మాట మాత్రం మేము చూసిన ఏ పెట్టె మీదా లేదు. తమ్ముళ్ళు తెచ్చిన ధర కాగితంలోనూ లేదు. పాల ప్యాకెట్టు మీద తేదీ చూడకుండా కొనని మనం నలభై వేల వస్తువుని తేదీ లేకుండా ఎలా కొంటాం?

దీనికి మందు చవకైనది. టీవీ వెనక హెచ్‌డీఎంఐ రంధ్రానికి ఒక స్ట్రీమింగ్ స్టిక్ తగిలించాలి. నాలుగున్నర వేల లోపు మంచిదే వస్తుంది. అప్పుడు టీవీ తెరగా మాత్రమే పనిచేస్తుంది, యాప్‌లన్నీ స్టిక్‌లో నడుస్తాయి. మాలో ఒకరి ఇంట్లో ఇదే కంపెనీ టీవీకి రెండేళ్ళుగా ఇలాగే నడుస్తోంది. తగిలించేటప్పుడు మూడు పనులు చేయాలి. స్టిక్‌కి కరెంటు టీవీ యూఎస్‌బీ నుంచి ఇవ్వకూడదు, దానితో వచ్చిన అడాప్టరు నుంచే ఇవ్వాలి. పాత టీవీల యూఎస్‌బీ సామాన్యంగా అర ఆంపియరే ఇస్తుంది, స్టిక్‌కి ఒక ఆంపియరు కావాలి, చాలకపోతే మధ్యలో ఆగి మళ్ళీ మొదలవుతుంటుంది. టీవీ సెట్టింగుల్లో హెచ్‌డీఎంఐ సీఈసీ అనేదాన్ని ఆన్ చేస్తే స్టిక్ రిమోటు ఒక్కటే టీవీని కూడా నడుపుతుంది, డూప్లికేటు రిమోటు గొడవ కూడా తీరుతుంది. మూడోది, టీవీని వైఫై నుంచి తప్పించేయాలి. అప్‌డేట్లు రాని పాత కంప్యూటరుని నెట్‌లో ఉంచడం మంచిది కాదు, పైగా మొదటి పేజీలో వచ్చే ప్రకటనల బెడద కూడా పోతుంది.

స్టిక్ కూడా నాలుగైదేళ్ళకి పాతబడుతుంది కదా అని కోశాధికారి అన్నగారు అడిగారు. నిజమే, పాతబడుతుంది. అప్పుడు మార్చేది నాలుగున్నర వేల వస్తువుని, నలభై రెండు వేల వస్తువుని కాదు.

అయిదోది సర్వీసు. దీని గురించి ఒక కేసు పూర్తిగా చెబుతాం, ఎందుకంటే 2023లోనే ఈ టీవీని తుక్కు చేయబోయారు.

ఆ ఏడు నవంబరు వానల్లో ఒక సాయంత్రం టీవీలో మాట వస్తోంది, బొమ్మ లేదు. వారంటీ ఎప్పుడో అయిపోయింది. కంపెనీ నంబరుకి ఫోన్ చేసి కంప్లయింట్ నంబరు తీసుకున్నాం. రెండు రోజుల్లో వస్తామన్నారు, ఆరో రోజు వచ్చారు. మధ్యలో నాలుగో రోజు "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది, ఎవరూ రాకుండానే! వచ్చిన కుర్రాడు టీవీని కిందికి దించలేదు, వెనక మూత విప్పలేదు. స్విచ్ వేసి చూసి "ప్యానెల్ పోయింది, 27,500 అవుతుంది, అంతకంటే కొత్తది కొనుక్కోండి సార్, ఎక్స్‌చేంజిలో మేమే ఇప్పిస్తాం" అన్నాడు. వెళ్తూ వెళ్తూ ఫోన్‌కి వచ్చిన కోడ్ చెప్పమన్నాడు. ఆ కోడ్ ఇస్తే మనం తృప్తిగా ఉన్నామని కేసు మూసేసినట్టు. మేము ఇవ్వలేదు. కోడ్ అనేది సంతకంతో సమానం. పని పూర్తయి, కళ్ళతో చూశాకే ఇవ్వాలి. ఇళ్ళల్లో ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ సర్వీసుకి కూడా ఇదే గుర్తుపెట్టుకోండి.

ఆ రాత్రి హాల్లో లైట్లన్నీ ఆర్పేసి, టీవీ ఆన్ చేసి, టార్చిలైటుని తెరకి దగ్గరగా కాస్త ఏటవాలుగా పట్టి చూశాం. వెలుగు పడినచోట బొమ్మ నీడలా కదులుతూ కనిపించింది. అంటే ప్యానెల్ బొమ్మ తయారుచేస్తోంది, వెనక వెలిగే ఎల్‌ఈడీ దీపాలు మాత్రమే ఆరిపోయాయి. ఆ దీపాలు పట్టీల మీద వరసగా ఉంటాయి, దీపావళి సీరియల్ సెట్ మాదిరి ఒక్కటి పోతే మిగతావీ ఆరిపోతాయి. తెర పోవడం వేరు, దీపం పోవడం వేరు. ఆ తేడా ధర 24,400.

మా వీధి మెకానిక్‌ని పిలిచాం. పట్టీల సెట్టు 1,600, కూలి 1,500, మొత్తం 3,100 అయింది. అతను చెప్పిన జాగ్రత్తలు మూడు. పోయిన ఒక్క దీపాన్ని మార్చకూడదు, మిగతావి కూడా అదే వయసువి కాబట్టి సెట్టంతా మార్చాలి. పల్చటి గాజు తెరని పైకెత్తేటప్పుడు ఇద్దరు పట్టుకోవాలి, ఒక మూల వంగితే నిజంగానే ప్యానెల్ పోతుంది. మూడోది, ఇకనుంచి Backlight వంద మీద పెట్టకూడదు. కంపెనీ నుంచి వచ్చినప్పుడు టీవీ Vivid అనే సెట్టింగులో ఉంది. షాపు దీపాల మధ్య మెరవడానికి పెట్టిన సెట్టింగు అది, దీపాలు పూర్తి వేడి మీద నడుస్తాయి. దాన్ని Standard చేసి Backlight యాభై అయిదుకి తగ్గించాం. ఆ రోజునుంచి ఈ రోజు వరకు బొమ్మ పోలేదు. ఈ 3,100 రసీదు సంఘం ఫైల్లో ఉంది, ఎవరైనా చూడొచ్చు.

వారంటీలో ఉండగా ఇలా చేస్తే మాత్రం ఊరుకోకూడదు. కంప్లయింట్ నంబరు, వచ్చిన తేదీ, చెప్పిన మాట రాసిపెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయాలి. అక్కడా తీరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అయిదు లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు, కారణం పుట్టిన రెండేళ్ళ లోపల వెయ్యాలి.

ఇప్పుడు జీఎస్టీ వాదన. "2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద టీవీలకి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, ఇదే మంచి సమయం" అంటున్నారు. తగ్గిన మాట నిజం. 46,000 ఉన్న టీవీ లెక్క ప్రకారం 42,400 అవుతుంది, అంటే 3,600 మిగులుతుంది. మూడు వేల ఆరు వందలు మిగులుతాయని నలభై రెండు వేల నాలుగు వందలు ఖర్చు పెట్టమంటున్నారు! దానికి గోడ స్టాండు, పొడిగించిన వారంటీ కూడా కలిపితే 48,000 దాటుతుంది. సంఘం ఖాతాలో ఉన్నది 58,000. శనివారం తెలుగు క్లాసు పంతులమ్మగారికి నెలకి మూడు వేలు ఇస్తున్నాం. తమిళనాడులో మన పిల్లలకి బడిలో తెలుగు దొరకడం ఎంత కష్టమో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. మా ముగ్గురిదీ తమిళ మీడియం చదువే, ఈ నాలుగు తెలుగు ముక్కలు రాయడం ఇలాంటి క్లాసులోనే నేర్చుకున్నాం. మిగిలే పది వేలతో ఆ క్లాసు మూడు నెలలు నడుస్తుంది, నాలుగో నెల ఆగిపోతుంది. అప్పుడు 55 అంగుళాల టీవీ ముందు ఏ పిల్లల్ని కూర్చోబెడతాం?

మేము టీవీకి ప్రాణం పోయేదాకా కొత్తది కొనవద్దని అనడం లేదు. కండెమ్ చేయడానికి గుర్తులు ఉన్నాయి. తెర మీద నిలువు గీతలు వచ్చి పోకుండా నిలబడితే, తెరలో సగం నల్లబడితే, గాజు పగిలితే అది ప్యానెల్ జబ్బు, బాగు చేయడం దండగ. ఆ రోజు మేమే ముందుగా చెయ్యెత్తుతాం. అప్పుడు షాపులో నాలుగు ప్రశ్నలు అడిగి జవాబు బిల్లు మీద రాయించుకుందాం: తెర ఏ రకం, తయారైన తేదీ ఏది, సాఫ్ట్‌వేరు ఎప్పటిదాకా ఇస్తారు, మన ప్రాంతానికి సర్వీసు సెంటరు ఎక్కడుంది. జవాబు చెప్పలేని షాపు నుంచి బయటికి వచ్చేద్దాం.

కాబట్టి తీర్మానానికి మా సవరణ ఇది. కొత్త టీవీ కొనుగోలుని పక్కన పెట్టాలి. స్ట్రీమింగ్ స్టిక్‌కి 4,500, ఆప్టికల్ కన్వర్టరుకి, వైరుకి 700, మొత్తం 5,200 మంజూరు చేయాలి. తెలుగు హెచ్‌డీ చానళ్ళ సంగతి కేబుల్ ఆయనతో మాట్లాడే బాధ్యత యువజన విభాగం తమ్ముళ్ళు తీసుకోవాలి, మాకంటే వాళ్ళు గట్టిగా మాట్లాడగలరు. సమావేశానికి ముందు ఏ సాయంత్రమైనా అయిదు గంటల తర్వాత హాలుకి రండి. యూట్యూబ్ పరీక్ష, శబ్దం పరీక్ష రెండూ చేసి చూపిస్తాం. మాలో ఒకరి ఇంటి స్టిక్ కూడా తెచ్చి పెడతాం. కళ్ళతో చూసి, చెవులతో విని, ఆ తర్వాత చెయ్యెత్తండి.